స్టెప్పు తప్పని స్లైడర్: డ్రైవర్ కరెంటు, మైక్రోస్టెప్పింగ్ సర్దుబాటు

స్టెప్పర్ మోటారు ఒక చుట్టును సమానమైన 200 భాగాలుగా చేసుకుని, ఒక్కో భాగం చొప్పున తిరుగుతుంది. ఒక్కో భాగం 1.8 డిగ్రీలు. కంట్రోలర్ పంపే ప్రతి పల్సుకూ మోటారు ఒక స్టెప్పు వేస్తుందన్న నమ్మకం మీదే కెమెరా స్లైడరైనా, చిన్న ప్లాటరైనా పనిచేస్తుంది. ఆ స్టెప్పు నిజంగా పడిందో లేదో చూసి చెప్పే ఏర్పాటు సాధారణ స్లైడర్‌లో ఉండదు. మోటారు కదలలేకపోయినా కంట్రోలర్ కదిలిందనే లెక్క వేసుకుంటుంది. అందుకే తప్పిన స్టెప్పు అప్పుడు బయటపడదు. షాట్ చివర క్యారేజీ ఆగాల్సిన చోట ఆగనప్పుడో, ప్లాటర్ గీసిన వృత్తం కొస మొదటి చుక్కను కలవనప్పుడో తెలుస్తుంది.

స్టెప్పులు తప్పడం, మోటారో డ్రైవరో కాలిపోయేంత వేడెక్కడం వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. రెండింటికీ మూలం ఒకటే: మోటారు కాయిళ్లలో పారే కరెంటు. అది తక్కువైతే బరువును లాగే బలం చాలక స్టెప్పు తప్పుతుంది. ఎక్కువైతే వేడి పెరుగుతుంది. వేడి హద్దు దాటాక డ్రైవర్ తనను తాను ఆపుకుంటుంది, దానివల్లా స్టెప్పులు తప్పుతాయి. కాబట్టి స్టెప్పు తప్పిన ప్రతిసారీ కరెంటు పెంచడం కొన్నిసార్లు జబ్బును ముదరబెడుతుంది.

లెక్కలన్నీ ఒకే స్లైడర్ మీద చేస్తే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. మోటారు నీమా 17 సైజుది, అంటే ముందు పలక దాదాపు 42 మిల్లీమీటర్ల చదరం. లేబుల్ ప్రకారం ఒక్కో కాయిల్‌కు 1.7 ఆంపియర్లు, కాయిల్ నిరోధం 1.5 ఓమ్‌లు, ఇండక్టెన్సు 2.8 మిల్లీహెన్రీలు, నిలబెట్టే బలం సుమారు 4 కేజీ-సెంటీమీటర్లు. బజారులో సులువుగా దొరికే రకం ఇది. డ్రైవర్ ఎ4988 బోర్డు, కంట్రోలర్ ఆర్డుయినో యూనో, సప్లై 12 వోల్టులు. మోటారు షాఫ్టు మీద 20 పళ్ల జీటీ2 పుల్లీ ఉంది. ఈ బెల్టులో పంటికీ పంటికీ మధ్య 2 మిల్లీమీటర్లు కాబట్టి ఒక చుట్టుకు క్యారేజీ 40 మిల్లీమీటర్లు, ఒక పూర్తి స్టెప్పుకు 0.2 మిల్లీమీటరు కదులుతుంది. కెమెరా, హెడ్, క్యారేజీ కలిపి బరువు రెండున్నర కిలోలు.

డ్రైవర్ కరెంటును ఎలా అదుపు చేస్తుంది

కొత్తగా ఈ పనిలో దిగినవారిని మొదట ఆపే ప్రశ్న ఒకటుంది. 1.5 ఓమ్‌ల కాయిల్‌లో 1.7 ఆంపియర్లు పారడానికి రెండున్నర వోల్టులు చాలు. మరి 12 వోల్టులు ఇస్తే మోటారు మాడిపోదా? డ్రైవర్ లేకుండా నేరుగా ఇస్తే మాడిపోతుంది. ఎ4988 వంటి డ్రైవర్ మాత్రం కాయిల్‌కు పూర్తి వోల్టేజి ఇచ్చి, కరెంటు పెరుగుతుండగా దాన్ని కొలుస్తూ ఉంటుంది. నిర్ణయించిన హద్దు చేరగానే స్విచ్ ఆపేస్తుంది. కరెంటు కాస్త తగ్గాక మళ్లీ వేస్తుంది. సెకనుకు వేల సార్లు ఇలా తెంపుతూ కలుపుతూ సగటున హద్దు దగ్గరే నిలబెడుతుంది. సప్లై ఎన్ని వోల్టులైనా కాయిల్‌లో ఉండే కరెంటును ఆ హద్దే తేలుస్తుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. సప్లై తీగకు అమ్మీటరు పెట్టి, అందులో కనిపించిన అంకెనే మోటారు కరెంటు అనుకుంటారు. అది నిజం కాదు. ఈ తెంపి కలిపే పద్ధతిలో 12 వోల్టుల వైపు నుంచి వచ్చే కరెంటు కాయిల్‌లో పారే దానికంటే చాలా తక్కువగా ఉంటుంది. కాయిల్‌లో ఒక ఆంపియర్ పారుతున్నా సప్లై మీటరు అందులో సగం కూడా చూపకపోవచ్చు. ఆ అంకెను నమ్మి స్క్రూ తిప్పుకుంటూ పోతే డ్రైవర్ కాలుతుంది.

హద్దును కొలవడానికి బోర్డు మీద రెండు వస్తువులు పనికొస్తాయి. ఒకటి సెన్స్ రెసిస్టర్. కాయిల్ కరెంటు దీనిగుండా పోతుంటే రెండు చివరల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. రెండోది చిన్న స్క్రూ ఉన్న పొటెన్షియోమీటర్. దీన్ని తిప్పితే పోలికకు వాడే రిఫరెన్సు వోల్టేజి మారుతుంది. ఎ4988లో ఈ మూడింటి సంబంధం ఇలా ఉంటుంది:

```
Vref = 8 × I × Rs
```

ఇందులో `I` కావలసిన కరెంటు హద్దు, `Rs` సెన్స్ రెసిస్టర్ విలువ. సూత్రం చిన్నదే, అయితే `Rs` విలువ అన్ని బోర్డులకూ ఒకటి కాదు. చిప్పు పక్కన ఉండే రెండు చిన్న నల్లటి రెసిస్టర్ల మీద ఆర్100 అని ఉంటే 0.1 ఓమ్, ఆర్068 అని ఉంటే 0.068, ఆర్050 అని ఉంటే 0.05. చూడటానికి ఒకేలా ఉన్న బోర్డుల్లో ఈ మూడూ కనిపిస్తాయి. ఒక ఆంపియర్ కావాలంటే మొదటిదానికి 0.8 వోల్టు, రెండోదానికి 0.54, మూడోదానికి 0.4 వోల్టు పెట్టాలి. ఎవరో చెప్పిన 0.8 వోల్టును ఆర్050 బోర్డు మీద పెడితే హద్దు ఏకంగా రెండు ఆంపియర్లవుతుంది. డ్రైవర్ మారినా సూత్రం మారుతుంది. సాధారణంగా దొరికే డీఆర్‌వీ8825 బోర్డులో రిఫరెన్సు వోల్టేజికి రెట్టింపు అంకె ఆంపియర్లవుతుంది, అంటే అదే 0.8 వోల్టుకు 1.6 ఆంపియర్లు. వేడెక్కుతున్న స్లైడర్ చేతికి వస్తే ముందుగా భూతద్దంతో ఆ రెసిస్టర్ మీది అంకె చదవడం మేలు.

స్క్రూ తిప్పే పని

మోటారు సప్లై ఆపి, కంట్రోలర్ నుంచి వచ్చే 5 వోల్టుల లాజిక్ సప్లై మాత్రం ఉంచితే రిఫరెన్సు వోల్టేజిని కొలవవచ్చు. మల్టీమీటర్‌ను తక్కువ డీసీ వోల్టేజి శ్రేణిలో పెట్టి, నల్ల ప్రోబును గ్రౌండు పిన్‌కూ ఎర్ర ప్రోబును పొటెన్షియోమీటర్ లోహపు తలకూ తాకించాలి. స్క్రూను రవ్వంత తిప్పి, స్క్రూడ్రైవర్ తీసి, మళ్లీ కొలవాలి. చాలా బోర్డుల్లో సవ్యదిశలో తిప్పితే వోల్టేజి పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. కాబట్టి దిశను నమ్మకుండా మీటరునే నమ్మాలి. మోటారు సప్లై కూడా ఉన్నప్పుడు ఇనుప స్క్రూడ్రైవర్ జారి పక్కనున్న పిన్‌ను తాకితే బోర్డు అక్కడికక్కడే పోతుంది. సిరామిక్ లేదా ప్లాస్టిక్ కొన ఉన్నది వాడితే ఆ భయం ఉండదు.

ఈ రిఫరెన్సు వోల్టేజి లాజిక్ సప్లై నుంచే విభజించి తీసుకున్నది కాబట్టి దానితోపాటే మారుతుంది. 5 వోల్టుల యూనోతో 0.96 వోల్టుగా సర్దిన బోర్డును 3.3 వోల్టుల కంట్రోలర్‌కు మార్చితే, స్క్రూ ముట్టుకోకపోయినా అది 0.63 దాకా పడిపోతుంది. అప్పటిదాకా బాగా నడిచిన స్లైడర్ కొత్త కంట్రోలర్‌తో స్టెప్పులు తప్పుతుంటే ప్రోగ్రామును అనుమానించేముందు ఈ కొలత మళ్లీ చూడాలి.

పెట్టిన హద్దు సరైనదేనా అని ఇంకో విధంగా సరిచూడవచ్చు. సప్లై అంతా ఆపి, మోటారు కాయిల్ తీగ ఒకదాన్ని విడదీసి మధ్యలో అమ్మీటరు కలపాలి. మైక్రోస్టెప్ జంపర్లన్నీ తీసేసి, అంటే పూర్తి స్టెప్పు పద్ధతిలో, మోటారును కదలకుండా నిలబెట్టి కొలవాలి. ఈ పద్ధతిలో ఎ4988 రెండు కాయిళ్లకూ హద్దులో 70.7 శాతమే ఇస్తుంది. కాబట్టి 0.8 ఆంపియర్ల హద్దు పెట్టినప్పుడు మీటరులో 0.57 కనిపించాలి. ఈ సంగతి తెలియక, అంకె తక్కువగా ఉందని స్క్రూను ఇంకా తిప్పేవారున్నారు. ఇంకొక జాగ్రత్త: కరెంటు ఉండగా మోటారు తీగను ఎప్పుడూ పీకకూడదు. కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారిగా తెగితే పుట్టే వోల్టేజి డ్రైవర్‌ను చంపేస్తుంది. మోటారు సప్లై పిన్ల దగ్గర 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కూడా ఇటువంటి వోల్టేజి దెబ్బల నుంచి బోర్డును కాపాడటానికే.

ఎంత కరెంటు కావాలి

మోటారు లేబుల్ మీద 1.7 ఆంపియర్లు ఉంది కదా అని అంతా పెట్టనక్కర్లేదు. లేబుల్ చెప్పేది మోటారు తట్టుకోగలిగిన హద్దు. ఎంత కావాలన్నది చెప్పేది క్యారేజీ మీది బరువు. దాన్ని ఊహించనక్కర్లేదు, ప్రయాణపు సంచులు తూచే చేతి త్రాసుతో కొలవవచ్చు. మోటారు సప్లై ఆపి, బెల్టు విప్పి, కెమెరా బిగించిన క్యారేజీని త్రాసు కొక్కెంతో నెమ్మదిగా లాగాలి. కదులుతున్నంతసేపూ త్రాసు చూపేది ఘర్షణ బలం. ఈ స్లైడర్‌లో అది 300 గ్రాములు అనుకుందాం.

పుల్లీ చుట్టుకొలత 40 మిల్లీమీటర్లు కాబట్టి వ్యాసార్ధం 0.64 సెంటీమీటరు. పట్టాలు సమతలంగా ఉన్నప్పుడు మోటారు మోయాల్సింది 0.3 కిలోను 0.64తో హెచ్చిస్తే వచ్చే 0.19 కేజీ-సెంటీమీటరు మాత్రమే. పట్టాలను 30 డిగ్రీలు పైకి వాలిస్తే సంగతి మారిపోతుంది. రెండున్నర కిలోల బరువులో సగం, అంటే 1.25 కిలోలు, వాలు వెంట కిందికి లాగుతుంది. దానికి ఘర్షణ కలిపితే 1.55 కిలోలు, పుల్లీ దగ్గర దాదాపు 1 కేజీ-సెంటీమీటరు. సమతలం మీద అవసరమైన దానికి అయిదు రెట్లు. వేగం పుంజుకోవడానికి కావలసిన బలం ఇందులో కలపలేదు, ఎందుకంటే సినిమా షాట్ల కోసం నెమ్మదిగా వేగం అందుకునే స్లైడర్‌లో అది లెక్కలోకి రానంత చిన్నది.

ఇక మోటారు వైపు చూడాలి. లేబుల్ మీది 4 కేజీ-సెంటీమీటర్లు రెండు కాయిళ్లలోనూ పూర్తి 1.7 ఆంపియర్లు పారినప్పటి మాట. ఎ4988లో హద్దు అంటే ఒక కాయిల్‌లో అత్యధిక కరెంటు. ఆ క్షణంలో రెండో కాయిల్‌లో ఏమీ ఉండదు. అందువల్ల 1.7 హద్దు పెట్టినా వచ్చేది 4లో 0.7 వంతే. ఆపైన బలం కరెంటుకు అనులోమంగా తగ్గుతుంది. హద్దు 0.8 అయితే నిలబెట్టే బలం సుమారు 1.3 కేజీ-సెంటీమీటర్లు, 1.2 అయితే సుమారు 2.

నిలబెట్టే బలమంతా కదిలేటప్పుడు దొరకదు. వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. పట్టాల మీద దుమ్ము, చలికి గట్టిపడిన గ్రీజు, అతుకుల దగ్గర చిన్న ఎత్తుపల్లాలు కూడా బలం తినేస్తాయి. మోయాల్సిన బరువుకు రెట్టింపు నిలబెట్టే బలం ఉండేలా చూసుకోవడం స్లైడర్‌కు సరిపడే పద్ధతి. ఆ లెక్కన సమతలం మీద 0.8 ఆంపియర్లు అవసరానికి మించి చాలు. 30 డిగ్రీల వాలుకు 1.2 ఆంపియర్లు కావాలి. ఆర్100 బోర్డు మీద ఇవి వరసగా 0.64, 0.96 వోల్టులు. సమతలం మీద ఇంకా తగ్గించి 0.3 ఆంపియర్ల దగ్గర పెట్టవచ్చుగా అనిపిస్తుంది. అంత తక్కువ హద్దులో ఎ4988 చిన్న మైక్రోస్టెప్పుల కరెంటును కచ్చితంగా పట్టి ఉంచలేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కనీసం కొంతసేపు అది తెరిచే ఉంటుంది కాబట్టి సున్నాకు దగ్గరి విలువలు గతి తప్పుతాయి, కదలిక గతుకులు పడుతుంది.

మైక్రోస్టెప్పింగ్ చేసేది, చేయనిది

పూర్తి స్టెప్పులతో నడిపితే మోటారు ప్రతి స్టెప్పు దగ్గరా ఒక కుదుపు కుదిపి, కాసేపు అటూ ఇటూ ఊగి నిలుస్తుంది. ఈ ఊగుడికి ఒక సహజమైన లయ ఉంటుంది. ఈ సైజు మోటార్లలో అది తరచుగా సెకనుకు వంద, రెండు వందల స్టెప్పుల ప్రాంతంలో పడుతుంది. స్టెప్పులు సరిగ్గా ఆ లయలో వస్తే, సమయం చూసి తోసిన ఉయ్యాలలా ఊపు పెరుగుతూ పోయి రోటరు అదుపు తప్పుతుంది. మన స్లైడర్‌లో సెకనుకు వంద స్టెప్పులంటే 20 మిల్లీమీటర్ల వేగం, రెండు వందలంటే 40. స్లైడర్ షాట్లు ఎక్కువగా తీసేది ఈ వేగాల్లోనే. బరువు తక్కువున్నా, కరెంటు సరిపోయినా, ఒక్క వేగంలో మాత్రమే గడగడలాడి స్టెప్పులు తప్పుతుంటే కారణం ఇదే. అక్కడ కరెంటు పెంచితే కుదుపు ఇంకా బలపడుతుంది.

మైక్రోస్టెప్పింగ్ ఈ కుదుపును తీసేస్తుంది. రెండు కాయిళ్ల కరెంట్లను ఒకటి తగ్గిస్తూ మరొకటి పెంచుతూ డ్రైవర్ రోటరును రెండు పూర్తి స్టెప్పుల మధ్య స్థానాల్లో నిలబెడుతుంది. ఎ4988 ఒక స్టెప్పును 16 భాగాల వరకూ చేయగలదు. బోర్డు కింద ఉండే ఎంఎస్1, ఎంఎస్2, ఎంఎస్3 జంపర్లలో మూడూ పెడితే పదహారో వంతు, మూడోది తీసి మొదటి రెండూ ఉంచితే ఎనిమిదో వంతు. డీఆర్‌వీ8825లో అవే మూడు జంపర్లు పెడితే ముప్ఫై రెండో వంతు వస్తుంది. ఎ4988 తీసి ఆ బోర్డు పెట్టినప్పుడు క్యారేజీ సగం దూరమే వెళ్తే అది స్టెప్పులు తప్పడం కాదు, ప్రోగ్రాములో మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులన్న అంకె మార్చకపోవడం.

మైక్రోస్టెప్పింగ్ వల్ల మోటారు బలం తగ్గిపోతుందన్న మాట తరచుగా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. మొత్తంగా లాగగలిగే బలం దాదాపు అంతే ఉంటుంది. తగ్గేది ఒక్క మైక్రోస్టెప్పు వేసినప్పుడు కొత్తగా కలిసే బలం. పదహారో వంతులో అది నిలబెట్టే బలంలో సుమారు పదో వంతు మాత్రమే. మన స్లైడర్‌లో 0.8 ఆంపియర్ల దగ్గర అది 0.13 కేజీ-సెంటీమీటరు, ఘర్షణేమో 0.19. కాబట్టి ఆగి ఉన్న క్యారేజీకి మొదటి పల్సు అందినా అది కదలదు. రెండో పల్సుకు బలం పేరుకుని కదులుతుంది. ఆ మొదటి పల్సు పోయినట్టు కాదు, దాని బాకీ తరవాతి పల్సులతో తీరిపోతుంది. ఒక మైక్రోస్టెప్పు అంటే క్యారేజీ దగ్గర మిల్లీమీటరులో ఎనభయ్యో వంతు. టైమ్‌ల్యాప్స్‌లో ఫొటోకూ ఫొటోకూ మధ్య 2 మిల్లీమీటర్లు జరిగితే అందులో 160 మైక్రోస్టెప్పులుంటాయి, ఒకటి అటూ ఇటూ అయినా కంటికి తెలియదు. దీన్నిబట్టి ఒక నిర్ణయానికి రావచ్చు: పదహారో వంతును దాటి విభజిస్తే కదలిక నునుపు పెరగవచ్చు గాని, క్యారేజీ నిలిచే చోటు కచ్చితత్వం ఆ మేరకు పెరగదు.

విభజన పెరిగితే కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. పదహారో వంతులో మిల్లీమీటరుకు 80 పల్సులు. సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగానికి 4,000 పల్సులు కావాలి. యూనో మీద విరివిగా వాడే `AccelStepper` లైబ్రరీ నమ్మకంగా ఇవ్వగలిగినది దాదాపు అంతే. ఆపైన ఎంత వేగం అడిగినా పల్సులు అందుకోలేక స్లైడర్ నెమ్మదిస్తుంది, పల్సుల మధ్య ఎడం సమంగా ఉండక మోటారు గరగరలాడుతుంది. ఎనిమిదో వంతు పెడితే అదే వేగానికి 2,000 చాలు, మిల్లీమీటరుకు 40:

```
stepper.setMaxSpeed(2000);    // 50 mm/s
stepper.setAcceleration(800); // 20 mm/s²
```

ఈ అంకెలతో స్లైడర్ రెండున్నర సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది. ఈ వేగవృద్ధి లేకుండా ఆగి ఉన్న మోటారుకు ఒక్కసారిగా 2,000 పల్సులు పంపితే, కరెంటు ఎంతున్నా బరువైన క్యారేజీ ఆ వేగాన్ని అందుకోలేక మోటారు ఉన్నచోటే ఊళ వేస్తుంది. సెకనుకు 25 మిల్లీమీటర్లకు మించని నెమ్మది షాట్లకు, టైమ్‌ల్యాప్స్‌కు పదహారో వంతు, అంతకంటే వేగానికి ఎనిమిదో వంతు ఈ స్లైడర్‌కు సరిపోతాయి.

ప్లాటర్‌లో ఇబ్బంది వేరేగా ఉంటుంది. పెన్ను బండి తేలిక, కానీ వేగం ఎక్కువ. సెకనుకు 400 మిల్లీమీటర్లంటే 2,000 పూర్తి స్టెప్పులు, అంటే ఒక్కోదానికి అర మిల్లీసెకను. 2.8 మిల్లీహెన్రీల కాయిల్‌లో 12 వోల్టుల సప్లైతో కరెంటు సున్నా నుంచి 1.2 ఆంపియర్లకు ఎదగడానికే 0.3 మిల్లీసెకన్లు పడుతుంది. తిరుగుతున్న మోటారులో పుట్టే ఎదురు వోల్టేజి దీన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. అంత వేగంలో కరెంటు హద్దును చేరనే చేరదు, కాబట్టి స్క్రూ తిప్పి హద్దు పెంచితే ఒరిగేదేమీ లేదు. సప్లైని 24 వోల్టులకు మార్చితే ఎదిగే సమయం సగమవుతుంది, బలం తిరిగొస్తుంది. ఎ4988 35 వోల్టుల దాకా తట్టుకుంటుంది. నెమ్మదిగా తప్పే స్టెప్పుకు మందు కరెంటు, వేగంలో తప్పే స్టెప్పుకు మందు వోల్టేజి.

వేడి

కాయిల్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది. ఈ మోటారులో 0.8 ఆంపియర్లకు దాదాపు ఒక వాటు, 1.2కు 2.2 వాట్లు, 1.7కు 4.3 వాట్లు. బలం రెట్టింపు చేయాలంటే వేడి నాలుగింతలు భరించాలి. డ్రైవర్ లోపలి స్విచ్‌లదీ ఇదే తీరు. ఎ4988 బోర్డు హీట్‌సింక్ లేకుండా ఒక్కో కాయిల్‌కు ఒక ఆంపియర్ దాకా నెట్టుకొస్తుంది. వాలు షాట్లకు 1.2 కావాలి కాబట్టి చిప్పు మీద చిన్న అల్యూమినియం హీట్‌సింక్ అంటించి, పెట్టెకు గాలి రంధ్రాలు పెట్టాలి. అన్ని వైపులా మూసిన ప్లాస్టిక్ పెట్టెలో హీట్‌సింక్ ఉన్నా పెద్దగా మేలుండదు.

మోటారు లోపలి ఇన్సులేషన్ వంద డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. ముందుగా దెబ్బతినేది దాన్ని పట్టుకున్న బ్రాకెట్. త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏతో చేసిన బ్రాకెట్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బెల్టు బిగువుకు మోటారు వంగుతుంది, బెల్టు వదులవుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఆరుబయట గాలి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ గదిలో చల్లని గాలి కంటే 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కి 50 దగ్గర నిలిచిన మోటారు అక్కడ 65 దాటుతుంది. అందుకే స్లైడర్‌ను వాడబోయే చోటి ఎండను లెక్కలో పెట్టుకుని పరీక్షించాలి. మోటారు వేడి ఒక స్థాయిలో నిలదొక్కుకోవడానికి చాలాసేపు పడుతుంది. అయిదు నిమిషాలకు తాకి చూసి బాగుందనుకోకుండా ముప్పావుగంట నడిపి కొలవాలి.

స్టెప్పర్ మోటారుకు ఆగి ఉండటం విశ్రాంతి కాదు. ఎ4988 ఆగినప్పుడు కూడా అదే కరెంటు పంపుతూనే ఉంటుంది. టైమ్‌ల్యాప్స్‌లో మోటారు నూటికి తొంభై వంతుల సమయం ఆగే ఉంటుంది, అంత సేపూ వేడెక్కుతూనే ఉంటుంది. సమతలం పట్టాల మీద ఫొటోల మధ్య ఎనేబుల్ పిన్ ద్వారా డ్రైవర్‌ను ఆపేస్తే ఈ వేడి దాదాపు పోతుంది. ఆపినప్పుడు రోటరు స్టెప్పులో కొంత భాగం జరగవచ్చు. డ్రైవర్ తన లెక్క మరవదు కాబట్టి మళ్లీ కలిపితే రోటరు అదే చోటికి వస్తుంది. కలిపిన వెంటనే పల్సులు పంపకుండా సెకనులో పదో వంతు ఆగితే చాలు. వాలు మీద మాత్రం ఈ పని చేయకూడదు, బలం పోగానే కెమెరా కిందికి జారిపోతుంది. అక్కడ ఆగినప్పుడు కరెంటును దానంతటదే తగ్గించే టీఎంసీ2209 వంటి డ్రైవర్ మేలు, అయితే తగ్గిన కరెంటు కూడా ఆ బరువును నిలబెట్టేంత ఉండాలి. జీఆర్‌బీఎల్‌తో నడిచే ప్లాటర్‌లో ఈ సంగతి `$1` సెట్టింగులో ఉంటుంది. `$1=255` అని పెడితే మోటార్లకు కరెంటు ఎప్పుడూ ఉంటుంది. చిన్న అంకె పెడితే ఆగిన అన్ని మిల్లీసెకన్ల తరవాత వదిలేస్తుంది.

తప్పింది స్టెప్పేనా?

ఆగాల్సిన చోట ఆగని ప్రతి స్లైడర్‌లోనూ స్టెప్పులు తప్పినట్టు కాదు. నిజంగా తప్పిన స్టెప్పుకు ఒక గుర్తు ఉంది. పట్టు జారిన రోటరు మళ్లీ కుదురుకునేది కాయిళ్ల అయస్కాంత క్రమం మొదటికి వచ్చిన చోటే, అంటే నాలుగు పూర్తి స్టెప్పుల అవతల. కాబట్టి నష్టం ఎప్పుడూ నాలుగు స్టెప్పుల గుణిజాల్లోనే ఉంటుంది. మన స్లైడర్‌లో నాలుగు స్టెప్పులంటే 0.8 మిల్లీమీటరు. పట్టాకు ఒక స్టీలు స్కేలు అంటించి, క్యారేజీ మీద సన్నని గీత గీసి, ఇరవై సార్లు అటూ ఇటూ నడిపి మొదటి చోటికి తెచ్చి చూడాలి. తేడా 0.8, 1.6, 2.4 ఇలా వస్తే స్టెప్పులు తప్పాయి. తేడా 0.3 అనో 0.5 అనో వచ్చి, ఎన్ని సార్లు తిప్పినా పెరగకుండా అంతే ఉంటే బెల్టు వదులు. తేడా ఏ లెక్కకూ అందకుండా పెరుగుతూ పోతుంటే పుల్లీని షాఫ్టుకు బిగించే చిన్న స్క్రూ జారుతోంది. షాఫ్టు మీద, పుల్లీ మీద కలిపి ఒకే గీత మార్కరుతో గీస్తే అది వెంటనే బయటపడుతుంది. ఈ రెండింటికీ కరెంటు పెంచడం మందు కాదు.

స్టెప్పులే తప్పుతున్నాయని తేలాక, ఎప్పుడు తప్పుతున్నాయో చూడాలి. చల్లగా ఉన్నప్పుడే, పైకి ఎక్కేటప్పుడు లేదా వేగం అందుకునేటప్పుడు తప్పితే బలం చాలడం లేదు. కరెంటు కొంత పెంచాలి, లేదా వేగవృద్ధి తగ్గించాలి. ఒకే ఒక వేగంలో తప్పితే ఊగుడు కారణం, విభజన పెంచాలి. మొదట బాగా నడిచి, పది పదిహేను నిమిషాల తరవాత మోటారు ఉన్నట్టుండి పట్టు వదిలి, క్షణం ఆగి, మళ్లీ ఏమీ జరగనట్టు కదిలితే అది డ్రైవర్ వేడి. ఎ4988 లోపల ఉష్ణోగ్రత 165 డిగ్రీల దగ్గరికి చేరితే చిప్పు అవుట్‌పుట్ ఆపేస్తుంది, పదిహేను డిగ్రీలు చల్లబడ్డాక మళ్లీ మొదలుపెడుతుంది. ఆ మధ్యలో కంట్రోలర్ పంపిన పల్సులకు తగ్గ కదలిక ఉండదు. ఇటువంటి స్లైడర్‌కు స్క్రూను వెనక్కి తిప్పి కరెంటు తగ్గించాలి, హీట్‌సింక్ పెట్టాలి, గాలి ఆడేలా చూడాలి. ఒక్కో మార్పు తరవాత మళ్లీ ఇరవై సార్లు నడిపి స్కేలు చదవాలి. ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.